ఆపరేషన్‌కు ముందు రోజూ వేసుకునే గోలీల సంగతి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హన్మకొండలో మత్తు డాక్టర్‌గా పనిచేస్తున్నాను. ఆపరేషన్‌కు ముందు "ఫిట్‌నెస్" కోసం నర్సంపేట, పరకాల, ములుగు, మహబూబాబాద్ వైపు నుంచి రోజూ మనుషులు వస్తుంటారు. గుండె ఎలా ఉంది, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి అని అడిగేవాళ్లు తక్కువ. గోలీల గురించి అడగనివాళ్లు మాత్రం లేరు. ఆ ప్రశ్నలకు నేను చెప్పే జవాబులే ఇవి. ఇందులో నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక మిర్చి రైతు కేసు పలుమార్లు వస్తుంది. ఆయనను పెద్దాయన అంటాను. వయసు 63. గజ్జల్లో హెర్నియా. 14 నెలల కింద గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి.

ఆపరేషన్ ఉందంటే గోలీలన్నీ ఆపేయాలా?

పెద్దాయన కొడుకు మొదటి రోజు నాతో అన్న మాట ఇది: "సార్, మా బాపు గోలీలన్నీ నిన్నటి నుంచే బంద్ పెట్టినం. ఊర్లె ఆర్ఎంపీ సార్ జెప్పిండు, రక్తం కారుతదట." ఆపరేషన్‌కు ఇంకా పది రోజులుంది. వెంటనే మళ్లీ మొదలుపెట్టించాను.

ఆపాల్సినవి కొన్నే. ఎప్పటిలాగే వేసుకోవాల్సినవే ఎక్కువ. కొన్నింటిని హఠాత్తుగా ఆపితే ఆపరేషన్ కన్నా అదే పెద్ద ప్రమాదం. థైరాయిడ్ గోలీ, ఫిట్స్ గోలీ, కొలెస్ట్రాల్ గోలీ, ఆస్తమా పంపు ఆపరేషన్ రోజు పొద్దున కూడా మానకూడదు. కీళ్లనొప్పులకో ఆయాసానికో నెలల తరబడి స్టెరాయిడ్ గోలీ వాడుతున్నవాళ్లు దాన్ని ఒక్కరోజు కూడా వదలకూడదు. అలా వాడుతున్నట్టు మత్తు డాక్టర్‌కు తప్పక చెప్పాలి. శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించేసి ఉంటుంది కాబట్టి, ఆపరేషన్ సమయంలో మేం ఇంజెక్షన్ రూపంలో కలపాల్సి రావచ్చు.

"ఏమీ తినొద్దు, తాగొద్దు అన్నారు కదా, మరి గోలీ ఎలా?" అని వెంటనే అడుగుతారు. అన్నం లాంటివి మానాల్సింది ఆరు గంటల ముందు. నూనె, మాంసం ఉన్న భోజనమైతే ఎనిమిది గంటలు. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకూ తాగవచ్చు. గోలీ మింగడానికి రెండు గుక్కల నీళ్లతో నష్టం లేదు.

డాక్టర్ చెప్పిన మందు పేరు నా స్ట్రిప్ మీద కనిపించట్లేదు. ఎలా తెలుసుకోవాలి?

అసలు చిక్కంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మన దగ్గర ఒక్క గోలీలో రెండు మూడు మందులు కలిపి అమ్ముతారు. స్ట్రిప్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని పక్కనో కిందో చిన్న అక్షరాల్లో ఉండేదే అసలు మందు, పక్కన దాని మిల్లీగ్రాములు. మనం ఆపేదీ కొనసాగించేదీ ఆ చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని.

పెద్దాయన కవర్‌లోంచి నాలుగు స్ట్రిప్పులు, ఒక చిన్న డబ్బా బయటపడ్డాయి. ఆయన లెక్కలో అవి "గుండె గోలీ, బీపీ గోలీ, ఇంకో బీపీ గోలీ, షుగర్ గోలీ, కొత్త షుగర్ గోలీ". విప్పి చూస్తే ఇలా ఉన్నాయి. గుండె గోలీ అన్నది క్యాప్సూల్: ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, రోసువాస్టాటిన్ 10. మొదటి బీపీ గోలీలో టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5. రెండోది మెటోప్రోలాల్ 50. షుగర్ గోలీలో గ్లిమిపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500. కొత్తది డాపాగ్లిఫ్లోజిన్ 10.

అంటే ఐదు గోలీల్లో తొమ్మిది మందులు. ఆ క్యాప్సూల్‌నే తీసుకోండి. అందులో క్లోపిడోగ్రెల్ ఆపాలి, ఆస్పిరిన్ ఆపకూడదు, కొలెస్ట్రాల్ మందు అసలే ఆపకూడదు. "గుండె గోలీ ఆపండి" అని ఎవరైనా ఒక్క మాటలో చెప్పేస్తే మూడూ పోతాయి. ఇలాంటప్పుడు మేం క్యాప్సూల్ ఆపి, ఆస్పిరిన్, రోసువాస్టాటిన్ విడివిడిగా రాసిస్తాం. ఆ కొత్త గోలీలు కొనుక్కున్నాకే పాతది ఆపాలి.

అందుకే ఫిట్‌నెస్‌కు వచ్చేటప్పుడు చీటీ ఒక్కటే తేవద్దు. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ తెండి. సగం వాడినవి, పీహెచ్‌సీలో ఇచ్చినవి, ఆర్ఎంపీ ఇచ్చినవి కూడా. గోలీలను కత్తిరించి కాగితంలో పొట్లం కట్టుకునే అలవాటు మనవాళ్లకు ఉంది, దాంతో పేరున్న ముక్క పోతుంది.

స్టెంట్ ఉన్నవాళ్లు రక్తం పలుచన చేసే గోలీ ఎన్ని రోజుల ముందు ఆపాలి?

క్లోపిడోగ్రెల్ అయితే కనీసం ఐదు రోజులు, కొన్ని ఆపరేషన్లకు ఏడు. టికాగ్రెలార్ మూడు నుంచి ఐదు రోజులు. ప్రాసుగ్రెల్ ఏడు రోజులు. వీటిలో ఏది ఆపాలన్నా గుండె డాక్టర్ ఒప్పుకోవాలి. మేం ఫోన్ చేసి అడుగుతాం, లేదా మిమ్మల్ని చీటీ రాయించుకురమ్మంటాం.

ఐదు రోజులు ఎందుకంటే, రక్తం గడ్డకట్టడానికి మొదట అతుక్కునేవి ప్లేట్‌లెట్లు. క్లోపిడోగ్రెల్ వాటి పనిని వాటి జీవితకాలమంతా చెడగొడుతుంది. మందు ఒంట్లోంచి పోయినా ఆ ప్లేట్‌లెట్ బాగుపడదు. వాటి ఆయుష్షు వారం నుంచి పది రోజులు. రోజుకు సుమారు పదో వంతు కొత్తవి వస్తాయి. ఐదు రోజులకు సగం దాకా కొత్తవి వచ్చి ఉంటాయి, రక్తం ఆగడానికి అవి చాలు. "నిన్న ఒక్కరోజు ఆపాను సార్, సరిపోదా?" అనేవాళ్లకు ఇదే చెప్తాను.

నడుములో సూది వేసి ఇచ్చే స్పైనల్ మత్తుకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. వెన్నులో ఆ సూది దిగే చోట రక్తం చేరితే బయటికి పోయే దారి ఉండదు, నరాల మీద ఒత్తిడి పడి కాళ్లు చచ్చుబడవచ్చు. అరుదైన సంగతే, కానీ జరిగితే కొన్ని గంటల్లో ఆపరేషన్ చేసి ఆ రక్తం తీయాలి. ఆస్పిరిన్ ఒక్కటే వాడుతుంటే మాత్రం స్పైనల్‌కు అడ్డు లేదు.

స్టెంట్ ఉన్నవాళ్లకు ఆస్పిరిన్ సాధారణంగా ఆపం. ఆ కాస్త ఎక్కువ రక్తస్రావాన్ని సర్జన్ చూసుకోగలరు, మూసుకుపోయిన స్టెంట్‌ను బాగుచేయడం అంత సులువు కాదు. మెదడు, వెన్నుపూస లోపలి ఆపరేషన్ల లాంటివి దీనికి మినహాయింపు. స్టెంట్ లేదు, గుండెపోటు రాలేదు, పక్షవాతం రాలేదు, ముందుజాగ్రత్తగా ఎవరో ఆస్పిరిన్ రాశారు అంటే వారం ముందు ఆపేయవచ్చు.

స్టెంట్ వేసి ఎన్నాళ్లయితే ఆపరేషన్ చేయించుకోవచ్చు?

తొందర లేని ఆపరేషన్ అయితే మందు పూత ఉన్న స్టెంట్ వేసిన ఆరు నెలల దాకా ఆగాలి. గుండెపోటు వచ్చి వేసినదైతే ఏడాది. క్యాన్సర్ లాంటి ఆగలేని ఆపరేషన్ అయితే మూడు నెలల తర్వాత ఆలోచించవచ్చు. మొదటి నెలలో రక్తం పలుచన చేసే రెండు గోలీలూ ఆపడమంటే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ. పెద్దాయన హెర్నియా లోపలికి పోతూ వస్తూ ఉంది, నొప్పి లేదు. 14 నెలలు దాటాయి కాబట్టే తేదీ ఇచ్చాం. ఐదో నెలలో వచ్చుంటే నడుముకు బెల్టు రాసి ఇంటికి పంపేవాళ్లం.

వాల్వ్ మార్చినవాళ్ల గోలీ, గుండె దడకు ఇచ్చిన గోలీ కూడా ఇంతేనా?

కాదు, వాటి దారి వేరు. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి, వాల్వ్ పాడై, మెటల్ వాల్వ్ వేయించుకున్నవాళ్లు మన వైపు చాలామందే ఉన్నారు. వాళ్లు ఎక్కువగా వాడేది అసెనోకౌమరాల్, కొందరు వార్ఫరిన్. వార్ఫరిన్ ఐదు రోజుల ముందు ఆపాలి, అసెనోకౌమరాల్ త్వరగా దిగిపోతుంది కాబట్టి రెండు మూడు రోజులు చాలు. ముందు రోజు, రక్తం ఎంత పలుచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేస్తాం. అది 1.5 కన్నా తక్కువ ఉంటేనే కోత. గోలీ ఆపిన రోజుల్లో వాల్వ్ మీద గడ్డ కట్టకుండా, మైట్రల్ అనే వాల్వ్ మార్చినవాళ్లకు ముఖ్యంగా, పొట్ట మీద హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తాం. చివరి పెద్ద డోసు ఆపరేషన్‌కు 24 గంటల ముందే అయిపోవాలి. ఇది ఇంట్లో సొంతంగా చేసుకునే పని కాదు.

గుండె దడకు వాడే అపిక్సాబాన్, రివరోక్సాబాన్ అయితే చిన్న ఆపరేషన్‌కు ముందు ఒక రోజు, పెద్దదానికి రెండు రోజులు, స్పైనల్ ఇవ్వాలనుకుంటే మూడు రోజులు ఆపుతాం. వీటికి మధ్యలో హెపారిన్ అక్కర్లేదు. డాబిగాట్రాన్ కిడ్నీ ద్వారా పోతుంది, కాబట్టి క్రియాటినిన్ చూసి రోజులు చెప్తాం.

షుగర్ గోలీ ఆ పొద్దున మానేస్తే చాలు కదా?

చాలావాటికి చాలు. గ్లిమిపిరైడ్ లాంటివి తిండి లేకుండా వేసుకుంటే షుగర్ పడిపోతుంది, ఆ పొద్దున వద్దు. మెట్‌ఫార్మిన్ ముందు రోజు వరకూ వేసుకుని ఆ పొద్దున మానేయాలి. కిడ్నీ బలహీనంగా ఉన్నా, ఆ సమయంలోనే రంగు మందు ఎక్కించి స్కాన్ చేయాల్సి ఉన్నా ఇంకా ముందే ఆపమంటాం. సిటాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటి వాటితో పెద్ద ఇబ్బంది లేదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రం వేరే జాతి. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉంటే మూడు రోజుల ముందే ఆపాలి. ఎర్టుగ్లిఫ్లోజిన్‌కు నాలుగు. ఈ గోలీ ఒంట్లోని చక్కెరను మూత్రంలోకి తోసేస్తుంది. మామూలు రోజుల్లో మంచిదే. ఆపరేషన్‌కు ఉపవాసం ఉన్నప్పుడు, పైగా కోత ఒత్తిడి తోడైనప్పుడు, చక్కెర బయటికి పోతూనే ఉంటే ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. దాంతో రక్తంలో కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారుతుంది.

దీన్ని కనిపెట్టడం ఎందుకు కష్టమంటే, వేలికి గుచ్చి చూస్తే షుగర్ 160, 180 అలా బాగానే కనిపిస్తుంది. ఒకామెకు పిత్తాశయం ఆపరేషన్ అయిన రెండో రోజు వాంతులు పట్టుకున్నాయి, కడుపునొప్పి అంది. అందరం ఆపరేషన్ వల్లే అనుకున్నాం. మనిషి పరుగెత్తి వచ్చినట్టు లోతుగా ఊపిరి తీస్తోందని నర్సు గమనించింది. షుగర్ 170. రక్తంలో కీటోన్ చూస్తే 4 దాటింది. 3 ఉంటేనే ప్రమాదం కింద లెక్క. గోలీ ముందు రోజు దాకా వేసుకుంది. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. షుగర్ మామూలుగానే ఉన్నా ఇన్సులిన్ ఇవ్వాలి, షుగర్ పడిపోకుండా దాంతోపాటే గ్లూకోజ్ ఎక్కించాలి. రెండు రోజులకు కుదుటపడింది. అప్పటి నుంచి స్ట్రిప్ చూడకుండా నేను ఫిట్‌నెస్ మీద సంతకం పెట్టడం లేదు.

ఈ మధ్య ఈ గోలీని షుగర్ లేనివాళ్లకు కూడా గుండె బలహీనతకు, కిడ్నీ జబ్బుకు ఇస్తున్నారు. వాళ్లను "షుగర్ గోలీలు వాడుతున్నారా?" అని అడిగితే నిజాయితీగానే లేదంటారు. మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్‌తో కలిపిన గోలీల్లోనూ ఇది ఉంటుంది. చిన్న అక్షరాలు చదవమనేది ఇందుకే.

ఇన్సులిన్ వాడేవాళ్లు పూర్తిగా మానేయకూడదు, మామూలు డోసూ తీసుకోకూడదు. రాత్రి వేసుకునే లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్‌ను ముందు రాత్రి సాధారణంగా ముప్పావు వంతుకు తగ్గిస్తాం. పొద్దున తిండికి ముందు వేసుకునేది, తిండే లేదు కాబట్టి, వద్దు. రెండూ కలిసిన 30/70 రకం అయితే ఎంత వేసుకోవాలో ఆ పొద్దున షుగర్ చూసి చెప్తాం. బరువు తగ్గడానికో షుగర్‌కో వారానికోసారి ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లు అదీ చెప్పాలి. దానివల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే భయం ఉంటుంది.

బీపీ గోలీ ఆ రోజు వేసుకోవాలా, వద్దా?

ఒకే జవాబు లేదు, గోలీని బట్టి ఉంటుంది. ఆమ్లోడిపిన్ వేసుకోవాలి. మెటోప్రోలాల్, అటెనోలాల్, బిసోప్రోలాల్ తప్పకుండా వేసుకోవాలి. వీటిని హఠాత్తుగా ఆపితే గుండె పట్టపగ్గాల్లేకుండా కొట్టుకుంటుంది, స్టెంట్ ఉన్నవాళ్లకు గుండెపోటు దాకా పోవచ్చు. క్లోనిడిన్ కూడా అంతే, ఆపితే బీపీ ఎగిసిపడుతుంది. హైడ్రోక్లోరోథయజైడ్, ఫ్యూరోసెమైడ్ లాంటి మూత్రం ఎక్కువ పోయించే గోలీలు సాధారణంగా ఆ పొద్దున మాత్రం వద్దంటాం.

టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ దగ్గర డాక్టర్లలోనే రెండు మాటలున్నాయి. మత్తుతో రక్తనాళాలు వదులైనప్పుడు బీపీని నిలబెట్టడానికి ఒంట్లో ఒక ఏర్పాటుంది. ఈ గోలీలు దాన్నే అడ్డుకుంటాయి. స్పైనల్ ఇచ్చాక బీపీ 80కి పడిపోయి, మామూలు మందులకు సరిగా లేవని కేసులు చూశాను. అందుకే 24 గంటల ముందు ఆపమంటాను. 2024లో ఫ్రాన్స్‌లో రెండు వేలకు పైగా మనుషుల మీద చేసిన పరిశోధనలో, ఆపినా ఆపకపోయినా మరణాలు, పెద్ద ఇబ్బందులు సమానంగానే ఉన్నాయని, ఆపనివాళ్లలో ఆపరేషన్ మధ్యలో బీపీ పడిపోవడం మాత్రం ఎక్కువని తేలింది. కాబట్టి మీ డాక్టర్ వేసుకోమంటే అది తప్పు కాదు. గుండె బలహీనతకు ఇస్తున్నదైతే నేనూ చాలాసార్లు ఆపను.

గోలీలన్నీ మానేసి వచ్చి, టేబుల్ దగ్గర బీపీ 200 దాటితే వాయిదా వేయక తప్పదు. 180/110 లోపు ఉంటే చేసేస్తాం. 150 చూసి టెన్షన్ పడి వెనక్కి వెళ్లిపోనక్కర్లేదు.

పెద్దాయన వారం ఎలా గడిచింది?

ఆపరేషన్ గురువారం పొద్దున తొమ్మిదికి. గుండె డాక్టర్ క్లోపిడోగ్రెల్ ఆపడానికి ఒప్పుకున్నారు.

శుక్రవారం క్యాప్సూల్ చివరిది. శనివారం నుంచి దాని బదులు ఆస్పిరిన్ 75, రోసువాస్టాటిన్ 10 వేర్వేరుగా. శని, ఆది, సోమ, మంగళ, బుధ, ఐదు రోజులు క్లోపిడోగ్రెల్ లేకుండా గడిచాయి. ఆదివారం డాపాగ్లిఫ్లోజిన్ చివరిది. సోమవారం నుంచి అది బంద్. ఆ మూడు రోజులూ షుగర్ కాస్త పెరుగుతుందని ముందే చెప్పాం, 210 దాకా పెరిగింది, పర్వాలేదు. బుధవారం పొద్దున టెల్మిసార్టాన్ కలిసిన గోలీ చివరిసారి. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ గోలీ బుధవారం తిండితో మామూలుగానే.

గురువారం పొద్దున ఆరింటికి రెండు గుక్కల నీళ్లతో మెటోప్రోలాల్, ఆస్పిరిన్, రోసువాస్టాటిన్, విడిగా రాసిచ్చిన ఆమ్లోడిపిన్. అంతే. షుగర్ 168, బీపీ 146/84. స్పైనల్ ఇచ్చాం, ముప్పావు గంటలో మెష్ వేయడం అయిపోయింది.

ఇదంతా ఆయన కొడుకు వంటింటి గోడకున్న క్యాలెండర్ మీద పెన్నుతో రాసుకున్నాడు. ఏ రోజు దగ్గర ఏది ఆపాలో ఆ గడిలోనే. నా చీటీ కన్నా అదే బాగుంది.

శుక్లాల ఆపరేషన్‌కు కూడా ఇన్ని ఆపాలా?

అక్కర్లేదు. చుక్కల మందుతో చేసే శుక్లాల ఆపరేషన్‌కు, ఒక పన్ను తీయడానికి రక్తం పలుచన గోలీలు సాధారణంగా ఆపరు. కంటి క్యాంపుకు వెళ్తూ స్టెంట్ గోలీలు మానేసేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

నొప్పి గోలీలు, పసరు మందులు?

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రక్తాన్ని కాస్త పలుచన చేస్తాయి, కిడ్నీ మీద భారం వేస్తాయి. ఒకటి నుంచి మూడు రోజుల ముందు ఆపి, అవసరమైతే పారాసెటమాల్ వేసుకోండి. పసరు మందుల్లో, పేరు లేని పొడుల్లో ఏముందో ఎవరూ చెప్పలేరు, వారం ముందే ఆపండి. కీళ్లనొప్పులు ఒక్క రాత్రిలో తగ్గించే పొడి అయితే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు, దాన్ని మాత్రం మాకు చెప్పాకే ఆపండి.

మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆపమని చెప్పడం అందరూ గుర్తుంచుకుంటారు, మొదలుపెట్టమనడం డిశ్చార్జ్ తొందరలో జారిపోతుంది. డిశ్చార్జ్ చీటీలో ప్రతి ఆపిన మందు ఎదుట తేదీ రాయించుకోండి.

పెద్దాయనకు గాయం పొడిగా ఉందని చూసి శుక్రవారం సాయంత్రం పాత క్యాప్సూల్ మొదలుపెట్టి, విడి ఆస్పిరిన్, రోసువాస్టాటిన్ స్ట్రిప్పులు కొడుకు చేతిలోంచి తీసేసుకున్నాం. అవీ ఇవీ కలిపి వేసుకుంటే ఆస్పిరిన్ రెండింతలవుతుంది. ఆమ్లోడిపిన్ సంగతీ అంతే. బీపీ 130 దాటి నిలబడ్డాక, రెండో రోజు టెల్మిసార్టాన్ గోలీ ఇచ్చాం, దాన్ని మరీ ఆలస్యం చేయకూడదు. షుగర్ గోలీ అన్నం తినగానే. డాపాగ్లిఫ్లోజిన్ మాత్రం రెండు రోజులు కడుపునిండా తిని, నీళ్లు బాగా తాగుతున్నాకే. ఇంటికి వెళ్లాక వాంతులు పట్టుకుంటే మళ్లీ ఆపి ఫోన్ చేయమన్నాం.

ఆపమన్న గోలీ పొరపాటున వేసేసుకున్నాం. చెప్తే ఆపరేషన్ ఆగిపోతుందేమో?

ఆగవచ్చు, ఆగకపోవచ్చు. టెల్మిసార్టాన్ అయితే బీపీ మందు సిరంజీలో సిద్ధంగా పెట్టుకుని చేసేస్తాం. క్లోపిడోగ్రెల్ అయితే స్పైనల్ మానేసి మరో రకం మత్తు ఇవ్వడమో, వాయిదా వేయడమో చేస్తాం. గ్లిమిపిరైడ్ అయితే గంటగంటకూ షుగర్ చూస్తూ గ్లూకోజ్ ఎక్కిస్తాం. థియేటర్ లోపలికి తీసుకెళ్లేటప్పుడైనా సరే, ఏ గోలీ, ఎన్ని గంటలకు అని చెప్పండి.